మా ఆవిడ సంతకం పెట్టని ఉత్తరం

కారు అమ్మేశాం కనుక పాలసీ రద్దు చేసి, మిగిలిన కాలానికి ప్రీమియం వాపసు ఇవ్వమని ఇన్సూరెన్సు కంపెనీకి ఉత్తరం రాసింది నేను. సంతకం పెట్టవలసింది మా ఆవిడ. రాయడానికి నాకు ఒక మధ్యాహ్నం పట్టింది. ఆ తరువాత ఆ కాగితం మా భోజనాల బల్ల మీద, మాగాయ జాడీ పక్కన, చాలా రోజులు అలాగే పడి ఉంది. రోజూ అన్నం తినేటప్పుడు దాన్ని ఒక పక్కకి జరిపేది. తిన్నాక బల్ల తుడిచి మళ్ళీ యథాస్థానంలో పెట్టేది. సంతకం మాత్రం పెట్టేది కాదు.

కారు ఆవిడ పేరు మీదే ఉండేది. కొన్నప్పుడు మా పురోహితులు గారు ఇద్దరి నక్షత్రాలూ చూసి, వాహనయోగం అమ్మాయిగారి పేరుకే బాగుందన్నారు. ఆయనకి మా ఆవిడ అరవై దాటినా అమ్మాయిగారే. అసలు కారణం అది కాదు. నడిపేది ఆవిడ. నేను స్టీరింగు ఎప్పుడూ పట్టుకోలేదు. సైకిలు మీద ఆఫీసుకు వెళ్ళి వచ్చిన వాణ్ణి, అంతకుమించి నడపాలని నాకు అనిపించలేదు. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. పదవీ విరమణకు ఇంకా కొంతకాలం ఉందనగా, ఒక వేసవి సెలవుల్లో మా తాడేపల్లిగూడెంలోనే డ్రైవింగు స్కూలులో చేరింది. ఇంట్లో ముందుగా ఎవరికీ చెప్పలేదు. లైసెన్సు చేతికొచ్చాక నా డైరీ మీద పెట్టి, "ఇవాళ్టి పేజీలో ఇది రాసుకోండి" అంది. రాసుకున్నాను.

ఉద్యోగంలో ఉన్నంతకాలం నేను రోజూ డైరీ రాశాను. ఇప్పటికీ రాస్తున్నాను. కారులో ఆవిడ పక్కన కూర్చుని కూడా ఊళ్ళ పేర్లూ, బయలుదేరిన వేళా, ఎక్కడ టీ తాగామన్నదీ రాసుకునేవాణ్ణి. ఆవిడ చెప్పిన మాటలు మాత్రం రాయలేదు. అవి రాయాలని అప్పుడు తోచలేదు. ఇప్పుడు ఆ పేజీలు తిరగేస్తే ఉంగుటూరు, కైకరం, భీమడోలు, గుండుగొలను అని ఊళ్ళు వరుసగా కనిపిస్తాయి. వాటి మధ్య ఆవిడ గొంతు ఉండాలి. లేదు.

మా ఆవిడ ఇంట్లో మితభాషి. క్లాసులో రోజంతా మాట్లాడిన మనిషి ఇంటికొచ్చాక ఇంకేం మాట్లాడుతుందిలే అని మొదట్లో అనుకున్నాను. రిటైరయ్యాక కూడా అంతే. నేను పేపరు చదివి ఏదైనా చెబితే "ఊఁ" అనేది. "కూర ఏమిటి" అంటే "వంకాయ" అనేది. అదే కారెక్కి, సీటుబెల్టు పెట్టుకుని, మా వీధి మలుపు దాటిందంటే మాటలు మొదలయ్యేవి. చిన్నప్పుడు అత్తిలిలో వాళ్ళ నాన్నగారి భుజమ్మీద కూర్చుని పంటకాలువ దాటిన సంగతి, తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల బీజగణితం చూసి భోరున ఏడ్చిన సంగతి, పెళ్ళయిన కొత్తలో నేనంటే తనకు ఎంత కోపంగా ఉండేదో, ఎందుకు ఉండేదో. నన్ను చూడనవసరం లేకుండా, రోడ్డును చూస్తూ చెప్పుకుపోయేది. ఎదురుగా కూర్చుంటే చెప్పలేనివన్నీ పక్కన కూర్చుంటే చెప్పగలిగేది కాబోలు. నేను మధ్యలో ఏదన్నా అడిగితే, "ఉండండి, లారీని దాటనివ్వండి" అని, దాటాక సరిగ్గా ఆపిన చోటే అందుకునేది.

శనివారాలు మేం కొల్లేరు వైపు వెళ్ళేవాళ్ళం. పని ఏమీ ఉండేది కాదు. ఏలూరు దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి కైకలూరు రోడ్డు పట్టుకుంటే రెండు వైపులా నీళ్ళు, గుర్రపుడెక్క, చేపల చెరువుల గట్లు. శీతాకాలంలో గూడబాతులు దిగేవి. ఒక్కోసారి మండవల్లి దాకా పోయి, ఎవరో గట్టు మీద అమ్మే చేపలను దూరం నుంచి చూసి, మేం తినం కనుక ఊరికే ధర అడిగి, వాళ్ళ చేత తిట్లు తిని వచ్చేవాళ్ళం. "తినరు, కొనరు, దరెందుకండీ మీకు?" అని ఒకావిడ అడిగితే, మా ఆవిడ "లెక్కల టీచర్నమ్మా, అడక్కపోతే తోచదు" అంది. ఆ చేపలావిడ నవ్వి, "అయితే నా లెక్క కూడా చూసి పోండి" అని పక్కన కూర్చోబెట్టుకుంది.

నడపడంలో ఆవిడకొక పట్టుదల ఉండేది. అది చెప్పకపోతే తరువాత జరిగింది అర్థం కాదు. కారు ఇన్సూరెన్సులో ఏడాది పొడుగునా క్లెయిం చేయకపోతే, మరుసటి ఏడాది కారుకు జరిగే నష్టానికి కట్టే ప్రీమియంలో తగ్గింపు ఇస్తారు. దాన్ని నో క్లెయిం బోనస్ అంటారు. ఏటేటా అది పెరుగుతూ సగం దాకా వెళ్ళి ఆగుతుంది. ఒక్క క్లెయిం చేస్తే మళ్ళీ సున్నా. మా ఆవిడ దాన్ని సగం దాకా తీసుకువెళ్ళింది. ఒకసారి గూడెం మార్కెట్టు దగ్గర కొబ్బరికాయల ఆటో ఒకటి వెనక తలుపును గీరుకుంటూ పోయింది. నేను పాలసీ కాగితాలు తీసి, "క్లెయిం చేద్దాం, దీనికోసమే కదా కడుతున్నాం" అన్నాను.

"వద్దు. టింకరింగు షాపులో చేయించుకుందాం."

"మన తప్పేం లేదుగా?"

"తప్పు లేదు కనకే వద్దంటున్నా. వాళ్ళ పుస్తకంలో నా పేరు మీద యాక్సిడెంటని ఎందుకు పడాలి?"

సొంత డబ్బుతో తలుపు బాగుచేయించింది. ఆ ఏడాది పాలసీ రెన్యువల్ వచ్చినప్పుడు, బోనస్ వరుస దగ్గర వేలు పెట్టి నాకు చూపించింది. మాట్లాడలేదు. ఇంట్లో ఉన్నాం కదా.

తరువాత కళ్ళు. కంటిలోపల ఒత్తిడి పెరిగి, పక్కచూపు మెల్లగా తగ్గుతోందని ఏలూరులో డాక్టరు గారు చెప్పారు. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది, పేపరు చదువుతుంది, సూదిలో దారం కూడా ఎక్కిస్తుంది. పక్కల నుంచి వచ్చేది మాత్రం కనిపించదు. చుక్కల మందు వేస్తే ఉన్నది నిలబడుతుంది, పోయింది తిరిగి రాదు. డ్రైవింగు ఆపడం మంచిదన్నారాయన. ఆవిడ తల ఊపింది. ఆ తరువాత కూడా కొన్ని శనివారాలు వెళ్ళాం.

ఒక శనివారం సాయంత్రం కొల్లేరు రోడ్డు మీద ఎడమ వైపు గట్టు దిగి ఒక గేదె రోడ్డెక్కింది. నాకు కనిపించింది. ఆవిడకు కనిపించలేదు. నేను "ఏయ్, గేదె" అని అరిచాను. ఆవిడ బ్రేకు వేసింది. ఏమీ జరగలేదు. గేదె మా వైపు ఒకసారి చూసి, తీరుబడిగా నీళ్ళలోకి దిగిపోయింది. ఆవిడ హ్యాండుబ్రేకు వేసి, ఇంజను ఆపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కాసేపు కూర్చుంది. ఆ తరువాత ఇంటిదాకా రెండో గేరులోనే వచ్చాం. దారి పొడుగునా ఒక్క మాట లేదు. ఆ కారులో అలా జరగడం అదే మొదటిసారి.

మర్నాడు కాఫీ ఇస్తూ, "అమ్మేయండి" అంది.

కొన్నాయన కలిదిండి దగ్గర చేపల చెరువులున్న రైతు. భార్యను వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన బానెట్టు ఎత్తి చూస్తుంటే, మా ఆవిడ పక్కన నిలబడి, ఏ మెకానిక్కు దగ్గరకు వెళ్ళాలో, వానాకాలంలో ఏ అద్దం మొరాయిస్తుందో, రెండో గేరు ఎలా వేస్తే పడుతుందో చెప్పింది. ఆయన చేతులు కట్టుకుని విన్నారు.

"టీచరు గారూ, ఇంత బాగా చెప్పారు కదండీ, మా ఊరు వచ్చి నేర్పేయకూడదా మా ఇంటావిడకి? నేను నేర్పుతుంటే పోట్లాట అవుతుందండి."

"మీరు పక్కన కూర్చోకండి. ఆవిడే నేర్చుకుంటుంది" అంది మా ఆవిడ.

ఆ రైతు భార్య మొహం వెలిగిపోయింది. "విన్నారా?" అంది భర్తతో.

బండి వెళ్ళిపోయాక మా ఆవిడ గుమ్మంలో నిలబడి, అది మలుపు తిరిగేటప్పుడు ఇండికేటరు వేశారో లేదో చూసింది. వేశారు. లోపలికి వచ్చింది. అప్పటి నుంచి మా ఇంట్లో మాటలు కూరల పేర్లకు తగ్గిపోయాయి. సాయంత్రాలు నేను డైరీ తెరిచి కూర్చుంటే రాయడానికి ఏమీ ఉండేది కాదు. శనివారాలు మరీ పొడుగ్గా ఉండేవి. ఆవిడ నిశ్శబ్దం నాకు కొత్త కాదు. కానీ దానికి వారానికొకసారి తెరుచుకునే తలుపు ఒకటుండేది. ఆ తలుపును కలిదిండి పంపించేశామని అప్పుడు తెలిసింది. ఆ గొంతు కావాలని ఎంత అనిపించేదంటే, ఒక రోజు ఖాళీ కారు షెడ్డులో కుర్చీ వేసుకుని పేపరు చదివాను. నూనె మరకలు తప్ప అక్కడేం లేదు.

ఇక ఇన్సూరెన్సు. నేను తొందరపడలేదు. బండి చేతులు మారినా, ఆర్.సి. కొన్నవాళ్ళ పేరుకు మారేదాకా మనకు నిశ్చింత ఉండదు. ఈలోగా అది ఎవరినైనా గుద్దితే నోటీసు పాత యజమానికే వస్తుంది. అందుకని అమ్మకం ఫారాలు రవాణా కార్యాలయానికి చేరాయా, ఆర్.సి. మారిందా అని ఆ రైతుకు ఫోన్లు చేస్తూనే ఉన్నాను. కొన్నాళ్ళకు ఆయనే చేశారు.

"నమస్కారమండీ. ఆర్.సి. నా పేరుకి వచ్చేసిందండి. ఇన్సూరెన్సు కూడా మా మేనల్లుడి దగ్గర కొత్తగా తీసేసుకున్నానండి, వాడు ఏజెంటు లెండి, వాడి దగ్గర తీసుకోకపోతే మా అక్క ఊరుకోదు. రెండిటి కాపీలూ మీ ఫోనుకి పంపిస్తున్నా."

"మంచిదండీ. మా పాలసీ రద్దు చేయించుకోడానికి అవే కావాలి."

"ఒక్క మాటండీ. టీచరు గారికి సగం తగ్గింపు ఉందంట కదా? అది బండితో పాటు మాకు వస్తుందనుకున్నానండి. రాదంట. మేం సున్నా కాణ్ణించి మొదలెట్టాలంట. మా మేనల్లుడు చెబితే ఒకటే నవ్వు మా ఇంటావిడ. 'బండి అమ్ముకుంటారు గానీ మంచి పేరు అమ్ముకుంటారా ఎవరన్నా' అంటందండి."

ఈ మాట నేను మా ఆవిడకు చెప్పాను. "ఊఁ" అంది.

మా ఏజెంటు గారు గూడెంలోనే ఉంటారు. ఆయన చెప్పిన సంగతి ఇది. ఊరికే బండి అమ్మేశామంటే థర్డు పార్టీ ఇన్సూరెన్సు రద్దు చేయరు. రోడ్డు మీద తిరిగే బండికి ఆ రక్షణ ఎప్పుడూ ఉండి తీరాలి. అదే బండికి కొన్నవాళ్ళు వేరే పాలసీ తీసుకున్నట్టు రుజువు చూపిస్తే అప్పుడు మన పాలసీ రద్దు చేస్తారు. ఈ ఏడాది క్లెయిం లేదు కనుక మిగిలిన రోజుల లెక్కన ప్రీమియం తిరిగి వస్తుంది. పాలసీదారు సంతకంతో ఉత్తరం, మారిన ఆర్.సి. కాపీ, కొత్త పాలసీ కాపీ, మన పాలసీ సర్టిఫికెట్టు, డబ్బు జమ కావడానికి ఆవిడ పేరున్న బ్యాంకు చెక్కు ఒకటి కొట్టివేసి జతచేయాలి. ఉత్తరం ఎంత ఆలస్యమైతే వాపసు అంత తగ్గుతుంది. నో క్లెయిం బోనస్ మాత్రం బండితో పోదు, మళ్ళీ కారు కొంటే వాడుకోవడానికి అడిగినవాళ్ళకు పత్రం రాసిస్తారు.

ఉత్తరం రాయడమంటే నాకు సరదా. ప్రభుత్వ కార్యాలయంలో ముప్ఫై ఏళ్ళకు పైగా ఫైళ్ళు నడిపిన వాణ్ణి. మా ఆఫీసులో పెద్దాయన ఒకరు చేరిన కొత్తలో నాకొక సూత్రం చెప్పారు. ఉత్తరం రాస్తే మళ్ళీ కొర్రీ రాకూడదు. ఎదుటివాడు వెయ్యగలిగిన ప్రశ్నలన్నీ ముందే ఊహించి, ఒక్కొక్క తలుపూ మూసుకుంటూ రావాలి. చివరికి వాడికి సంతకం పెట్టడం తప్ప ఇంకో పని ఉండకూడదు. అలాగే ఇంగ్లీషులో రాశాను. పాలసీ నంబరు, బండి నంబరు, అమ్మిన తేదీ, జతపరచిన కాగితాల పట్టిక. నో క్లెయిం బోనస్ సంగతేమిటని వాళ్ళు అడుగుతారని ఊహించి, చివర ఒక పేరా చేర్చాను. తెలుగులో దాని అర్థం ఇది: "పాలసీదారు కంటి అనారోగ్యం కారణంగా ఇకముందు వాహనం నడపబోవడం లేదు, కొనబోవడం లేదు. కావున నో క్లెయిం బోనస్‌కు సంబంధించి ఏ పత్రమూ అవసరం లేదు." ఆ పేరా చూసుకుని తృప్తి పడ్డాను. ఇక కొర్రీకి సందు లేదు.

ఆ కాగితమే బల్ల మీద పడి ఉంది.

మొదట్లో మరిచిపోయిందనుకున్నాను. పెన్ను తెచ్చి పక్కన పెట్టాను. పెన్ను పాల లెక్క రాసుకోడానికి తీసుకుపోయింది. సంతకం చోటు కనిపించడం లేదేమోనని పెన్సిలుతో గుర్తు పెట్టాను. ఆ గుర్తు చూసి నావైపు చూసింది. ఏజెంటు గారు ఫోను చేశారు.

"ఏవండీ, సంతకం ఒక్కటే కదండీ ఆలస్యం? రోజులు కరిగిపోతన్నాయండీ."

"ఇవాళ పెట్టించి పంపుతానండీ."

"మొన్న కూడా అదే అన్నారండీ."

ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్ళాను. ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నా గొంతులో కొంచెం విసుగు వచ్చిన మాట నిజం.

"ఆ ఉత్తరంలో ఏముందని నాన్చుతున్నావు? కారు ఎలాగూ లేదు. పాలసీ ఉంచుకుని ఏం చేస్తాం?"

"పాలసీ ఎవరికి కావాలి? రద్దు చేయించండి."

"మరి సంతకం?"

"చివరి పేరా ఎవరు రాయమన్నారు మిమ్మల్ని?"

ఏ పేరానో నాకు వెంటనే తట్టలేదు. తట్టాక, "అది కొర్రీ రాకుండా రాశాను" అన్నాను.

"కొర్రీ రాకుండా?" చిక్కుడుకాయ చేతిలోనే ఆగిపోయింది. "నేనింకా ఇక్కడే కూర్చుని కాయలు ఒలుస్తున్నాను. అప్పుడే నా ఫైలు మూసేస్తున్నారా మీరు?"

"అది కాదు. నువ్వే కదా అమ్మేయమన్నావు?"

"బండి అమ్మేయమన్నాను. గేదె కనపళ్ళేదు కనక అమ్మేయమన్నాను. రేపు ఏ మనిషో కనపడకపోతేనో అని భయం వేసి అమ్మేయమన్నాను. అంతేగానీ ఇకముందు ఎన్నడూ ఏమీ చేయబోను, ఏమీ అవసరం లేదు అని నా సంతకంతో నేనే రాసివ్వాలా? అదీ ఇన్సూరెన్సు వాళ్ళకి?"

నేను గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను.

"ఆ కొబ్బరికాయల ఆటో గీరినప్పుడు కూడా క్లెయిం చెయ్యలేదు నేను. ఇన్నేళ్ళలో ఒక్కటి లేదు. ఆ మాట కాగితం మీద రాసిస్తారటగా వాళ్ళు? అది అవసరం లేదని రాశారు మీరు. మీకు అవసరం లేదేమో."

ఇంట్లో ఉండగా ఆవిడ నాతో అన్ని మాటలు మాట్లాడి ఎన్నేళ్ళయిందో తెలియదు. కోపం మాటలే. అయినా, సిగ్గు విడిచి చెబుతున్నాను, కాసేపు అలా తిడుతూనే ఉంటే బాగుండుననిపించింది. ఆవిడ మళ్ళీ చిక్కుడుకాయల్లో పడిపోయింది.

ఆ సాయంత్రం ఉత్తరం తిరగరాశాను. పాత చివరి పేరా తీసేసి, దాని చోట ఒక్క వాక్యం పెట్టాను: పాలసీదారుకు రావలసిన నో క్లెయిం బోనస్‌ను ఆమె పేరు మీద నిలిపి ఉంచి, ఆ మేరకు పత్రం జారీ చేయవలసిందిగా కోరుతున్నాను. ఆవిడ ట్యూబులైటు కింద నిలబడి, రెండుసార్లు చదివి, నేను పెన్సిలు గుర్తు పెట్టకపోయినా సరిగ్గా ఆ చోటునే సంతకం పెట్టింది. తేదీ కూడా తనే వేసింది.

"పోస్టులో వద్దు. వెళ్ళి ఇచ్చొద్దాం" అంది.

ఏలూరు బ్రాంచికి బస్సులో వెళ్ళాం. ఆవిడ బస్సులో కిటికీ వైపు తల తిప్పుకుని కూర్చుంది. కైకరం వచ్చింది, భీమడోలు వచ్చింది, ఏమీ మాట్లాడలేదు. నాకు లోపల ఒక భయం ఉంది. మీరు ఇక నడపరు కదా, మీకీ పత్రం ఎందుకని అక్కడ ఎవరైనా ఆవిడ మొహమ్మీద అడిగితే? ఆ ప్రశ్న రాకూడదనే కదా తలుపు మూశాను. ఇప్పుడు ఆవిడ దాన్ని తెరిపించి, దాని ఎదురుగానే వెళ్ళి నిలబడబోతోంది.

బ్రాంచిలో కాగితాలు తీసుకున్నావిడకు ముప్ఫై ఏళ్ళుంటాయేమో. ఒక్కొక్కటీ చూసి టిక్కు పెట్టుకుంది. కొత్త పాలసీ కాపీలో బండి ఛాసిస్ నంబరు మా పాలసీతో సరిచూసుకుంది. "అన్నీ సరిపోయాయండి. ఇలా ఎవరూ తేరండి, నాలుగుసార్లు తిరిగితే గానీ" అంది. నాకు సంతోషంగా ఉండవలసింది. ఆ అమ్మాయి ఉత్తరం చివరి వాక్యం దగ్గరకు వచ్చింది.

"బోనస్ లెటరు కూడా కావాలాండి? మళ్ళీ కారు కొంటున్నారా మేడం?"

నేను నోరు తెరిచాను. మా ఆవిడ నా మోచేతి మీద చెయ్యి వేసింది.

"తెలీదమ్మా" అంది. "కళ్ళు బాలేదు నాకు. నడపలేను. అయినా ఇస్తారా?"

"భలేవారే. ఇవ్వకపోవడమేంటండీ? బోనస్ ఓనరుదండి, డ్రైవరుది కాదు. ఎవరు నడుపుతారని మేం అడగం. మీ పేరు మీద కారు కొంటే చాలు, డ్రైవర్ని పెట్టుకోండి, సార్‌ని నడపమనండి."

"సారు నడపరు" అంది మా ఆవిడ. "సారు రాసుకుంటారు."

ఆ అమ్మాయి నవ్వింది. "అమ్మిన తేదీ నుంచి మూడేళ్ళు చెల్లుతుందండి. ఆలోపు కొనకపోతే దానంతటదే పోతుంది. కొనాలని రూలేం లేదు."

"మూడేళ్ళు ఉంటుందా?"

"ఉంటుందండి."

మా ఆవిడ కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంది. లోపలికి వచ్చినప్పటి నుంచి అంచునే కూర్చుని ఉందని అప్పుడు గమనించాను.

కొన్నాళ్ళకు వాపసు డబ్బు ఆవిడ ఖాతాలో పడింది. నేను ఊహించిన దానికంటే కొంచెం తక్కువ. ఆ తేడా బల్ల మీద కరిగిన రోజులది. ఆవిడ దాని గురించి అడగలేదు. బోనస్ పత్రం ఈమెయిలులో వచ్చింది. నేను బజారుకు వెళ్ళి ప్రింటు తీయించి తెచ్చాను. అందులో ఆవిడ పేరు, బండి నంబరు, క్లెయిములు లేవు అన్న మాట, సగం తగ్గింపు, చెల్లుబాటు గడువు ఉన్నాయి. ఆవిడ అద్దాలు పెట్టుకుని మొత్తం చదివింది. ఏమంటుందోనని నేను డైరీ పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. కాగితం మడిచి, తన డ్రైవింగు లైసెన్సు ఉన్న కవరులో పెట్టింది.

"రేపు శనివారం కదూ" అంది.

"అవును."

"ఏలూరులో కైకలూరు బస్సు ఎన్నింటికి ఉంటుందో కనుక్కోండి."

మర్నాడు ఆ బస్సులో ముందు సీటు దొరికింది, సరిగ్గా డ్రైవరు వెనక. కిటికీ పక్కన ఆవిడ, ఈ పక్కన నేను. ఊరు దాటి, రోడ్డుకు రెండు వైపులా నీళ్ళు మొదలయ్యేదాకా ఆవిడ ఏమీ అనలేదు. గుర్రపుడెక్క పూసి ఉంది. దూరంగా చెరువు గట్టు మీద ఎవరో మేత బస్తాలు దింపుతున్నారు. నేను నీళ్ళ వైపు చూస్తున్నాను. ఆవిడ రోడ్డు వైపు చూస్తోంది. ముందు అద్దంలోంచి, నేరుగా. ఎదురుగా ఉన్నది ఆవిడకు బాగానే కనిపిస్తుంది.

ఎదర ట్రాక్టరు ఒకటి గట్టెక్కుతోంది. మా ఆవిడ కుడికాలు నేల మీద ఉన్న చెక్కను మెల్లగా నొక్కింది.

"ఇప్పుడు రెండో గేరుకి రావాలి ఇతను" అంది నెమ్మదిగా. డ్రైవరు వచ్చాడు. "ఆఁ. ఫరవాలేదు, తెలుసు."

ట్రాక్టరును దాటాం. ఆవిడ ఊపిరి వదిలింది.

"మా నాన్నగారు ఇలాగే ఎడ్లబండి తోలేవారు" అంది రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "గట్టెక్కేటప్పుడు ఎద్దులతో మాట్లాడేవారు. ఏమనేవారో చెప్పానా మీకు?"

చెప్పింది. ఇదివరకు ఒకటికి రెండుసార్లు చెప్పింది.

"లేదు" అన్నాను. "చెప్పు."

డైరీ సంచిలో ఉంది. తీయలేదు. ఆ మాట వింటూ కూర్చున్నాను.